అనుభవం లేని డేటా అనలిస్ట్‌కి రెండు ప్రాజెక్టులు: టమాటా ధరలు, కిరాణా ఖాతా

ప్రశ్న: "బీకాం 2023లో అయిపోయింది. మాది అనంతపురం దగ్గర పల్లెటూరు. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ నేర్చుకున్నాను. టైటానిక్, సూపర్‌స్టోర్, ఐపీఎల్ మీద మూడు ప్రాజెక్టులు గిట్‌హబ్‌లో పెట్టాను. ఎనిమిది నెలలుగా అప్లై చేస్తుంటే రెండే ఇంటర్వ్యూలు వచ్చాయి, రెండు చోట్లా 'ఎక్స్‌పీరియన్స్ లేదు కదా' అన్నారు. ఇంకా ఎన్ని ప్రాజెక్టులు చేయాలి, ఎలాంటివి చేయాలి? తెలిసిన అన్నలూ అక్కలూ చెప్పండి."

కొత్తగా రెండు చేయండి, చాలు. ఇప్పుడున్న మూడింటినీ గిట్‌హబ్‌లో కనపడకుండా ప్రైవేట్ చేసేయండి. ఎందుకో చెప్తాను.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా డేటా టీముల్లో పనిచేస్తున్నాను. అందులో ఆరేళ్లుగా ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు కూడా చేస్తున్నాను. మా ముందుకొచ్చే రెజ్యూమెల్లో టైటానిక్, సూపర్‌స్టోర్ లేనివి తక్కువ. వాటిని నేర్చుకోవడానికి వాడటంలో తప్పు లేదు. కానీ ఆ టైటానిక్ ఫైల్‌లో ఉండేవి 891 వరుసలు, ఎక్కడ ఏ ఖాళీ ఉందో, దాన్ని ఎలా నింపాలో వేలమంది ముందే రాసి పెట్టేశారు. సూపర్‌స్టోర్ ఫైల్ టాబ్లో వాళ్లు నేర్పడానికి ఇచ్చిన నమూనా, శుభ్రంగా తుడిచి పెట్టిన డేటా. కాబట్టి మీ డ్యాష్‌బోర్డ్ ఎంత అందంగా ఉన్నా, అందులో మీరంటూ తీసుకున్న నిర్ణయం ఏదో నాకు కనపడదు. "అనుభవం లేదు" అని మీకు చెప్పినవాళ్ల మనసులో ఉన్న ప్రశ్న చాలాసార్లు ఇదే: చెత్తగా ఉన్న డేటా చేతికిస్తే ఈ అబ్బాయి ఏం చేస్తాడు? దానికి జవాబు కనపడే ప్రాజెక్టు ఒక్కటున్నా ఇంటర్వ్యూలో మాట్లాడుకోవడానికి గంట సరిపోదు.

మీది అనంతపురం కాబట్టి నాకు వెంటనే తట్టింది మదనపల్లె టమాటా మార్కెట్. దాన్నే తీసుకుని మొదటి ప్రాజెక్టు పూర్తిగా నడిపి చూపిస్తాను. మీరు వేరే పంట తీసుకున్నా ఫర్వాలేదు, గుంటూరు మిర్చి కావచ్చు, మీ దగ్గరి వేరుశనగ కావచ్చు. దారి ఒకటే.

ముందు ప్రశ్న రాసుకోండి. "టమాటా ధరల విశ్లేషణ" అనేది ప్రశ్న కాదు, అది శీర్షిక. ప్రశ్న ఇలా ఉండాలి: మదనపల్లెలో టోకు ధర పెరిగినప్పుడు హైదరాబాద్‌లో చిల్లర ధర ఎన్ని రోజులకు పెరిగింది, అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ ఎన్ని రోజులకు తగ్గింది? 2023 జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, నాలుగు నెలలకే పరిమితం చేయండి. ఆ జూలైలో కిలో టమాటా వంద దాటి ఇళ్లల్లో చారు మానేసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ధర బాగా ఎక్కి, బాగా దిగిన కాలం కాబట్టి లెక్కకు ఏదో ఒకటి దొరుకుతుంది. ధర కదలని నెలలు తీసుకుంటే మూడు వారాలు కష్టపడ్డా చెప్పడానికేమీ మిగలదు.

డేటా రెండు చోట్ల దొరుకుతుంది. మార్కెట్ యార్డుల్లో ఏ రోజు ఎంత సరుకు వచ్చింది, కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర ఎంత అనేవి కేంద్ర వ్యవసాయ శాఖ నడిపే agmarknet.gov.in లో ఉంటాయి. ఆ మూడో ధరనే అక్కడ Modal Price అంటారు. చిల్లర ధరలు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఊళ్లవారీగా రోజూ సేకరిస్తుంది, అవి fcainfoweb.nic.in లో ఉంటాయి. ఒకటి క్వింటాల్‌కి రూపాయల్లో, రెండోది కిలోకి రూపాయల్లో. ఈ తేడా చూడకుండా రెండింటినీ ఒకే చార్టులో గీసినవాళ్లని నేను చూశాను. టోకు ధర ఆకాశంలో, చిల్లర ధర నేలమీద గీతలా కనపడుతుంది, అయినా అనుమానం రాలేదు వాళ్లకి.

ఇప్పుడు అసలు పని. ఫైల్ దించుకున్నాక ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి. మీ ఫైల్‌లో తేదీ 05/07/2023 లాగా ఉండి, మీ కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే, జూలై 5ని ఎక్సెల్ మే 7గా మార్చేస్తుంది. ఏ హెచ్చరికా ఇవ్వదు. 13/07/2023 దగ్గరికొచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా గుర్తించలేక మాటలాగే వదిలేస్తుంది. దీన్ని కంటితోనే పట్టుకోవచ్చు. తేదీ కాలమ్ కాస్త వెడల్పు చేసి పైనుంచి కిందికి చూడండి. ప్రతి నెలా మొదటి పన్నెండు రోజులూ సెల్‌కి కుడివైపు అంటుకుని, పదమూడు నుంచి నెలాఖరు దాకా ఎడమవైపు అంటుకుని ఉంటే మీ డేటా పాడైపోయిందని అర్థం. ఎక్సెల్ తేదీలను కుడివైపు, మాటలను ఎడమవైపు పెడుతుంది కాబట్టి అలా కనపడుతుంది. అప్పుడు ఆ ఫైల్‌ని సరిచేయాలని చూడకుండా మూసేసి, Data మెనూలో From Text/CSV తో కొత్తగా తెచ్చుకోండి, తేదీ కాలమ్‌కి English (India) లొకేల్ ఎంచుకోండి. అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా raw అనే ఫోల్డర్‌లో పక్కన పెట్టే అలవాటు ఇక్కడే చేసుకోండి.

తర్వాత పేర్లు. మదనపల్లె 2022 ఏప్రిల్ 4 దాకా చిత్తూరు జిల్లా. ఆ రోజు కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. డేటా ఎక్కించేవాళ్లు ఆ మార్పు వెంటనే చేస్తారని అనుకోకండి. పైగా చిత్తూరుని Chittor అని రాసిన చోట్లు ఉంటాయి, మీరు Chittoor అని ఫిల్టర్ పెడితే సగం డేటా జారిపోయినా మీకు తెలియదు. అందుకే జిల్లా పేరుతో వెతక్కండి. మార్కెట్ పేర్లన్నీ ఒకసారి `SELECT DISTINCT market` తో బయటికి తీసి, కళ్లతో చదివి, మీకు కావాల్సినవి చేత్తో ఎంచుకోండి. ఇది పది నిమిషాల పని. ఇంటర్వ్యూలో "జిల్లా ఎందుకు వాడలేదు" అని అడిగితే మీరు చెప్పే జవాబు విన్నవాడికి, ఇతను మన ఊరి విషయం తెలిసినవాడు, డేటాని గుడ్డిగా నమ్మేవాడు కాదు అని తెలుస్తుంది.

ఇక ధరలు. ముందు ఈ ప్రశ్న వేసి చూడండి:

```sql
SELECT arrival_date, market, variety,
       min_price, modal_price, max_price
FROM mandi
WHERE modal_price < min_price
   OR modal_price > max_price
   OR modal_price < 100;
```

మొదటి రెండు షరతులకు దొరికినవి ఎక్కించడంలో జరిగిన తప్పులే, ఎందుకంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర కనిష్ఠానికి కింద, గరిష్ఠానికి పైన ఉండే వీల్లేదు. మూడో షరతు దగ్గరే తెలివి కావాలి. క్వింటాల్ వంద రూపాయలంటే కిలో రూపాయి. అది తప్పే అయి ఉంటుందని పుస్తకాలు చదివి వచ్చినవాళ్లు ఆ వరుసలు తీసేస్తారు. మన రాయలసీమలో టమాటా కిలో రూపాయికి పడిపోయి, కోత కూలీ కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులు మీరు కళ్లారా చూసే ఉంటారు. కాబట్టి తక్కువగా ఉందని తీసేయకూడదు, చుట్టుపక్కల రోజులతో పోల్చాలి. ఆ మార్కెట్‌లో ముందువారం, తర్వాతవారం ధరలు 4,000 దగ్గర ఉండి మధ్యలో ఒక రోజు 40 అని ఉంటే ఎవరో కిలో ధర ఎక్కించారు, వందతో గుణిస్తే సరిపోతుంది. 1,000 అని ఉంటే పై క్వెరీకి దొరకదు, పక్క రోజులతో పోల్చితేనే కనపడుతుంది. అప్పుడు ఇంకో అనుమానం: అక్కడ వేలం క్రేట్ల లెక్కన జరుగుతుంది, 25 కిలోల క్రేట్ ధర ఎక్కించి ఉంటే నాలుగుతో గుణించాలి. ఇది మాత్రం అనుమానమే, రుజువు లేదు. ధర నిజంగానే ఒక్కరోజు పడి ఉండొచ్చు. అలాంటి వరుసని మార్చకుండా, లెక్కలోంచి పక్కకు తీసి, ఎందుకు తీశారో రాసుకోండి. చుట్టుపక్కల ధరలు 150 దగ్గరున్నప్పుడు 80 అని వస్తే దాన్ని కదపకండి, అది నిజం ధరే అయి ఉండొచ్చు.

ఒకే రోజుకి ఒకే మార్కెట్‌కి రెండు మూడు వరుసలు కూడా కనపడతాయి, రకం కాలమ్‌లో హైబ్రిడ్ అని ఒకటి, లోకల్ అని ఒకటి. అవి డూప్లికేట్లు కావు. అన్ని కాలమ్‌లూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటేనే డూప్లికేట్.

అలా రెండు రకాలో, పక్కనున్న మార్కెట్‌నీ కలుపుకుని రెండు మార్కెట్లో ఉన్నప్పుడు ఆ రోజు ధర ఎంత అనాలి? ఇక్కడ నూటికి తొంభైమంది AVG వాడతారు. లెక్క చూడండి. ఒక చోట 300 టన్నులు 1,200 చొప్పున, ఇంకో చోట 20 టన్నులు 2,400 చొప్పున అమ్ముడయ్యాయనుకోండి. మామూలు సగటు 1,800. ఆ రోజు అమ్ముడైన టమాటాలో ఎక్కువ భాగం 1,200కి పోతే, 1,800 అని చెప్పడం రైతుకి అబద్ధం చెప్పినట్టే. సరుకు బరువుతో తూచి తీసిన సగటు 1,275 వస్తుంది.

```sql
SELECT arrival_date,
       SUM(modal_price * arrivals) * 1.0
         / SUM(arrivals) AS avg_price
FROM mandi
GROUP BY arrival_date;
```

ఆ 1.0 ఎందుకంటే, రెండూ పూర్ణసంఖ్యలైతే కొన్ని డేటాబేస్‌లు దశాంశం తర్వాతి భాగాన్ని కోసేస్తాయి. ఇదీ కచ్చితమైన సగటు కాదని మీరే ముందు చెప్పండి, ఎందుకంటే Modal Price అంటే ఎక్కువ సరుకు పోయిన ధర, మొత్తం సరుకు సగటు ధర కాదు. మన దగ్గరున్న డేటాతో ఇంతకంటే దగ్గరికి వెళ్లలేం. ఆ పరిమితిని మీ నోటితో మీరే చెప్తే అవతలివాడికి నమ్మకం కుదురుతుంది.

డేటా లేని రోజులుంటాయి. మార్కెట్‌కి సెలవా, లేక ఎవరూ ఎక్కించలేదా తెలియదు. అక్కడ సున్నా మాత్రం పెట్టకండి, వారం సగటు కూలిపోతుంది. ఖాళీగా వదిలేసి, ఎన్ని రోజులు ఖాళీయో లెక్క చెప్పండి. చార్టులో గీత ఆ ఖాళీని దాటి రెండు చుక్కల్ని కలిపేస్తే, చూసేవాడు మధ్యలోనూ డేటా ఉందనుకుంటాడు. కాబట్టి గీతని తెగిపోనివ్వండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకొస్తాం. టోకు ధరని వందతో భాగించి కిలోకి తెచ్చుకుని, హైదరాబాద్ చిల్లర ధరతో తేదీ మీద జాయిన్ చేయండి. ఆ తర్వాత చాలామంది రెండు ధరల మధ్య CORREL వేస్తారు, 0.9 దాటి వస్తుంది, సంబరపడతారు. ఒక రోజు జరిపి వేసినా 0.9 దాటుతుంది, ఐదు రోజులు జరిపినా దాదాపు అంతే. ఎందుకంటే సీజన్‌లో రెండూ కలిసే పెరిగి కలిసే తగ్గాయి, ఎన్ని రోజులు జరిపినా రెండు గుట్టలూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ఆలస్యం ఎంతో దానివల్ల తెలియదు. ధరకి బదులు ధరలో మార్పు తీసుకోండి: ఇవాళ్టి ధరలోంచి నిన్నటి ధర తీసేస్తే వచ్చేది. టోకు మార్పు కాలమ్‌ని ఒక రోజు, రెండు రోజులు, ఇలా వారం దాకా జరుపుతూ చిల్లర మార్పుతో CORREL వేయండి. అంకెలు చాలా చిన్నవిగా వస్తాయి, భయపడకండి. ఎక్కడ ఎక్కువగా ఉందో అదే మీ ఆలస్యం. తర్వాత టోకు ధర పెరిగిన రోజుల్ని ఒక కుప్ప, తగ్గిన రోజుల్ని ఇంకో కుప్ప చేసి విడివిడిగా అదే పని చేయండి.

జవాబు ఏం వస్తుందో నేను ముందే చెప్పను. రెండింటికీ తేడా లేదని వచ్చినా అది జవాబే. ఒక్కటి మాత్రం చివర్లో తప్పకుండా రాయండి: హైదరాబాద్‌కి టమాటా మదనపల్లె నుంచే రాదు, చుట్టుపక్కల జిల్లాల నుంచీ కర్ణాటక నుంచీ వస్తుంది. కాబట్టి మదనపల్లె ధర వల్లే హైదరాబాద్ ధర మారిందని ఈ లెక్క రుజువు చేయదు, ఎంత వెనకాలగా కదిలిందో మాత్రమే చూపిస్తుంది.

ఇదంతా చేసి చివర్లో ఒక డ్యాష్‌బోర్డ్ పెట్టి ఊరుకుంటే పడిన కష్టం ఎవరికీ కనపడదు. గిట్‌హబ్‌లో README పేజీయే మీ ప్రాజెక్టు. ఇంటర్వ్యూకి ముందు నాకు దొరికేది ఒకటి రెండు నిమిషాలు, అప్పుడు కోడ్ చదవను, ఆ పేజీ చదువుతాను. పైన రెండు వాక్యాల్లో ప్రశ్న, దానికి మీకొచ్చిన జవాబు పెట్టండి. దాని కింద ఒకే ఒక్క చార్టు. ఆ తర్వాత వరుసల లెక్క. ఉదాహరణకి: వచ్చినవి 1,146, అక్షరం తేడా లేని డూప్లికేట్లు 18 తీశాను, ధర అనుమానంగా ఉండి సరిచేయలేనివి 7 తీశాను, మిగిలినవి 1,121, అందులో కిలో ధర ఎక్కించారని తేలిన 5 వరుసల్ని వందతో గుణించాను. ఈ నాలుగు ముక్కలు చదివితే, పనిచేసే చోట రోజూ జరిగేది ఈ అబ్బాయికి తెలుసని నాకు అర్థమవుతుంది. అంకెలు కూడితే సరిపోవాలి సుమా, నేను కూడి చూస్తాను.

రెండేళ్ల కిందట ఒక అమ్మాయిని ఇంటర్వ్యూ చేశాం. ఎక్కడా పనిచేయలేదు. ఆమె ప్రాజెక్టులో "14 వరుసలు తీసేశాను" అని ఉంది. నా పక్కనున్నాయన "తీసేయకుండా ఉంటే మీ జవాబు మారేదా?" అని అడిగాడు. ఆమె "చూసి చెప్తాను సార్" అని లాప్‌టాప్ తెరిచి, ఆ షరతు ఒక్కటి కామెంట్ చేసి మళ్లీ నడిపింది. సగటు కొద్దిగా మారింది, అసలు జవాబు మారలేదు. "మారలేదు సార్, కానీ సగటు మారింది కాబట్టి ఆ సంగతి కూడా రాసి ఉండాల్సింది" అంది. మిగతా ఇంటర్వ్యూ అంతా పద్ధతి ప్రకారం అడగాల్సినవి అడగడమే, మా నిర్ణయం అప్పుడే అయిపోయింది. మీరూ ఇంట్లో అలా సాధన చేయండి. ఎవరైనా ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, "ఆదివారాలు తీసేసి చూపించు", "జూలై ఒక్కటే చూపించు" అని అడగమనండి. రెండు మూడు నిమిషాల్లో మార్చి చూపించలేకపోతే ఆ ప్రాజెక్టు ఇంకా మీది కాలేదు.

రెండో ప్రాజెక్టు మీ వీధి చివరి కిరాణా కొట్టులో ఉంది. మొదటిది ప్రభుత్వ డేటా, అడిగేవాళ్లెవరూ లేరు. ఉద్యోగంలో అలా ఉండదు, ఒక మనిషి వచ్చి తనకేం కావాలో సగం సగం చెప్తాడు. దాన్ని అర్థం చేసుకోగలరని ఈ రెండోది చూపించాలి. పైగా మీది బీకాం, ఇక్కడ ఇంజినీరింగ్ పిల్లలకంటే మీదే పైచేయి.

కొట్టు ఆయన్ని అడిగి అరువు పుస్తకం తీసుకోండి. రెండు మూడు నెలల పద్దులు చేత్తో ఎక్సెల్‌లో ఎక్కించండి: తేదీ, మనిషి, ఇచ్చిన సరుకు విలువ, కట్టిన డబ్బు. పేర్లు మాత్రం ఎక్కించొద్దు, మనిషికో నంబర్ ఇవ్వండి, ఆ పేర్ల జాబితా ఆయన దగ్గరే ఉండనివ్వండి. గిట్‌హబ్‌లో పెడతానని ముందే చెప్పి ఒప్పుకుంటేనే పెట్టండి, ఒప్పుకోకపోతే అంకెలు మార్చిన నమూనా పెట్టండి. ఊళ్లో ఎవరి బాకీ ఎంతో బయటపడితే ఆయన వ్యాపారం దెబ్బతింటుంది.

ఆయనకి కావాల్సింది ఎవరు ఎంత బాకీ అనే కాదు, అది పుస్తకంలోనే ఉంది. ఆ బాకీ ఎన్నాళ్ల నాటిది అనేది తెలియదు. మీరు డెటర్స్ ఏజింగ్ అని చదువుకున్నారే, అదే. ఉదాహరణకి ఒకరు మే 3న 1,200, జూన్ 10న 800, జూలై 2న 500 సరుకు తీసుకున్నారు. జూలై 5న 1,500 కట్టారు. బాకీ వెయ్యి. చివరిసారి వచ్చింది జూలైలోనే కదా అని చూస్తే ఈ బాకీ అంతా కొత్తదిలా కనపడుతుంది. కట్టిన డబ్బు పాత బాకీకి ముందు జమవుతుందని లెక్కేస్తే, మే నాటిది పూర్తిగా తీరింది, జూన్ నాటిదాంట్లో 300 తీరింది. అంటే జూలై 31 నాటికి 500 రూపాయలు 51 రోజుల పాతవి, ఇంకో 500 మాత్రమే 29 రోజులవి.

ఎక్సెల్‌లో దీనికి పెద్ద కోడ్ అక్కర్లేదు. C కాలమ్‌లో ఆ బిల్లు, D లో ఆ మనిషి బిల్లులు మొదటినుంచి కూడుతూ వచ్చిన మొత్తం, E లో ఆ మనిషి ఇప్పటిదాకా కట్టిన మొత్తం పెట్టుకోండి. అప్పుడు ఆ బిల్లులో ఇంకా రావాల్సింది:

```
=MAX(0, MIN(C2, D2-E2))
```

పై ఉదాహరణలో D వరుసగా 1200, 2000, 2500, E అంతటా 1500. జవాబులు 0, 500, 500 వస్తాయి. అన్నీ కూడితే వెయ్యి. ప్రతి మనిషికీ ఈ మొత్తం పుస్తకంలోని బాకీతో సరిపోతోందో లేదో చూసే కాలమ్ ఒకటి పక్కనే పెట్టండి. సరిపోని చోట రెండు కారణాలు ఎక్కువగా ఉంటాయి: పుస్తకంలో ముందు పేజీ నుంచి తెచ్చిన పాత బాకీ మీరు ఎక్కించకపోవడం, లేక ఒకే మనిషిని రెండు పేర్లతో రాసి ఉండటం. రమణమ్మ అని ఒక చోట, శీను వాళ్లమ్మ అని ఇంకో చోట రాసి ఉంటుంది, ఇద్దరూ ఒకరే. ఆ సంగతి కొట్టు ఆయన్ని అడిగితే తప్ప తెలియదు, అడగడం కూడా ఈ పనిలో భాగమే.

ఇది తయారయ్యాక ఆయనకి చూపించండి. ఆయన చార్టు చూడడు, "అరవై రోజులు దాటినవాళ్ల పేర్లు ఫోన్‌లో పంపు బాబూ, బజారువారీగా పంపు" అంటాడు. ఆయన ఏం అడిగాడు, మీరు ఏం మార్చారు అనేది README లో తేదీతో రాయండి. మొదటి రూపం, మార్చిన రూపం రెండూ ఉంచండి. గిట్‌హబ్‌లో అన్నీ ఒకే రోజు బ్రౌజర్ నుంచి ఎక్కిస్తే Add files via upload అని ఒక్క లైనే కనపడుతుంది, పని ఎలా పెరిగిందో తెలియదు. చేసినప్పుడల్లా ఏం మార్చారో ఒక వాక్యం రాసి ఎక్కించండి.

ఇంకో చిక్కు ముందే చెప్తున్నాను. పవర్ బీఐలో లింక్ ఇచ్చి చూపించాలంటే ఆఫీసు లేదా కాలేజీ ఈమెయిల్ కావాలి, జీమెయిల్‌తో కుదరదు. మీ కాలేజీ మెయిల్ పోయి ఉంటుంది కాబట్టి, .pbix ఫైల్‌తో పాటు పేజీల స్క్రీన్‌షాట్లు గిట్‌హబ్‌లో పెట్టండి. లింకే కావాలంటే టాబ్లో పబ్లిక్ ఉచితం, కాకపోతే అందులో పెట్టిన డేటా ఎవరైనా చూడగలరు. టమాటా ఫైల్ పెట్టండి, ఖాతా ఫైల్ పెట్టకండి.

రెజ్యూమెలో వీటిని "ప్రాజెక్టులు" అనే శీర్షిక కిందే రాయండి. అమీర్‌పేట చుట్టుపక్కల రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు తయారుచేసి ఇస్తామనేవాళ్లు మీకు తగులుతారు, ఇప్పటికే తగిలి ఉండొచ్చు. ఆఫర్ ఇచ్చాక కంపెనీలు చేసే వెరిఫికేషన్‌లో చాలా చోట్ల యూఏఎన్ నంబర్ మీద పీఎఫ్ సర్వీస్ చరిత్ర చూస్తాయి, అక్కడ ఆ రెండేళ్లు కనపడవు. మా దగ్గర చేరిన మూడో వారంలో అలా వెళ్లిపోయిన కుర్రాడిని చూశాను, పని వచ్చినవాడే. బాధేసింది.

వీటితో అన్ని తలుపులూ తెరుచుకోవు. డిగ్రీ, సంవత్సరం, పర్సంటేజీ చూసి మెషీనే వడపోసే పెద్ద కంపెనీల్లో మీ README దాకా ఎవరూ రారు. మనిషి చేతిలో రెజ్యూమె పడే చోటికి వెళ్లాలి. డేటా అనలిస్ట్ అని ఒక్క పేరుతోనే వెతక్కుండా ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, రిపోర్టింగ్ అనలిస్ట్, అకౌంట్స్ రిసీవబుల్ అని కూడా వెతకండి. మొదటి నెలల్లో ఎక్సెల్ రిపోర్టులే ఎక్కువ ఉంటాయి, జీతమూ తక్కువే, కానీ ఆ ఏజింగ్ ప్రాజెక్టు ఆ ఇంటర్వ్యూల్లో సూటిగా తగులుతుంది, ఎందుకంటే వాళ్లు రోజూ చేసే పని అదే.

టమాటాకి మూడు వారాలు, ఖాతాకి రెండు వారాలు పెట్టుకోండి, ఎక్కించడానికే ఖాతాలో నాలుగైదు సాయంత్రాలు పోతాయి. రెండూ అయ్యేదాకా మూడోది మొదలుపెట్టకండి. మార్కెట్ పేర్ల దగ్గరో, ఆలస్యం లెక్క దగ్గరో ఆగిపోతే మీ క్వెరీ, దాని కింద వచ్చిన మొదటి పది వరుసలు ఇక్కడే పెట్టండి, ఆదివారం కూర్చుని చూస్తాను.